చెదల రాణి దగ్గర క్రమశిక్షణ నేర్చుకోవాలా? నా మొహం!

ఈ వారంలో ఆ వీడియో మా ఫ్యామిలీ గ్రూపులోకి రావడం ఇది మూడోసారి. పుట్టలో రాణి చెద, చుట్టూ కూలీ చెదలు, వెనకాల వీణ మ్యూజిక్. కింద "ఒక్క నాయకురాలి మాట వింటే జాతి ఎలా బాగుపడుతుందో చూడండి" అని రాసి ఉంది. పెట్టింది మా బాబాయి కాబట్టి అక్కడ ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకున్నా. ఆ కడుపుమంట ఇక్కడ తీర్చుకుంటున్నా.

అసలు రాణి చెదకి నాయకత్వం ఎక్కడిది? మన పుట్టల్లో ఉండే రాణి వేలంత లావుగా ఉబ్బి, మట్టి గదిలో కదల్లేక పడి ఉంటుంది. తిండి కూడా కూలీలే నోట్లో పెట్టాలి. ఆవిడ పని గుడ్లు పెట్టడం, అంతే. మరి మిగతావాళ్లు సొంత సంసారం మానుకుని అక్కడే ఎందుకు చాకిరీ చేస్తారు?

చీమలు, తేనెటీగల విషయంలో దీనికి పేరున్న జవాబు ఒకటి ఉంది. వాటిలో మగవాడు ఫలదీకరణ జరగని గుడ్డు నుంచి పుడతాడు, వాడికి తల్లి నుంచి వచ్చిన ఒక్క వరస జన్యువులే ఉంటాయి కాబట్టి ఆ తండ్రి జన్యువులన్నీ కూతుళ్లందరికీ అచ్చంగా అందుతాయి. అలా ఒకే తండ్రికి పుట్టిన అక్కచెల్లెళ్ల మధ్య జన్యువుల పోలిక ముప్పావు వంతు. సొంత కూతురితో సగమే, అంటే కూతుర్ని కనడం కంటే చెల్లెల్ని పెంచడమే లాభం. అయితే ఈ జవాబు చెదలకి పనికిరాదు. చెదల్లో ఆడా మగా ఇద్దరూ మనలాగే తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం తెచ్చుకుంటారు. పైగా కూలీల్లో మగవాళ్లూ ఉంటారు, రాణి పక్కనే రాజు కూడా ఉంటాడు.

ఇక ఇథియోపియా, కెన్యా, సోమాలియాల్లో భూమి లోపల బతికే బోడి ఎలుక సంగతి చూడండి. ఇంగ్లిష్‌లో నేకెడ్ మోల్ ర్యాట్ అంటారు. పాలిచ్చే జంతువే, కానీ గుంపుకి పిల్లల్ని కనేది ఒక్క రాణి, ఆమెతో జతకట్టేది ఒకరో ముగ్గురో మగవాళ్లు. సగటున 70, 80 మంది ఉండే గుంపులో మిగతావన్నీ తవ్వడానికీ కాపలాకీ పిల్లల్ని చూసుకోవడానికీ. 1981లో జీవశాస్త్రవేత్త జెన్నిఫర్ జార్విస్ ఈ సంగతి బయటపెట్టారు.

నా ఉద్దేశంలో అసలు కీలకం రాణిలో లేదు, ఇంటి బయట ఉంది. బోడి ఎలుక తినేది నేలలోని దుంపలు. ఒక్కో దుంప కిలోలకి కిలోలు తూగుతుంది, అయితే ఒకటి ఇక్కడుంటే ఇంకొకటి ఎక్కడో ఉంటుంది. ఎండాకాలం నేల రాయిలా గట్టిపడుతుంది. వాన పడి మట్టి మెత్తబడ్డ కొన్నాళ్లలోనే దొరికినంత తవ్వుకోవాలి. ముందున్నది పళ్లతో కొరుకుతుంది (పెదాలు పళ్ల వెనకాల మూసుకుంటాయి, నోట్లోకి మట్టి పోదు). వెనకున్నవి వరసగా మట్టిని తోస్తాయి, చివరిది కాళ్లతో బయటికి చిమ్ముతుంది. ఎక్కడ దుంప ఉందో ఎవరికీ తెలియదు. అరవై మంది నాలుగు దిక్కులా తవ్వితే ఎవరో ఒకరికి తగులుతుంది, అందరూ తింటారు. ఒంటరి జంట తవ్వితే తగిలేలోపు ఆకలితో చావొచ్చు.

ఊరికే లెక్క కోసం అనుకుందాం. వంద మంది ఇల్లు వదిలిపోతే ఇద్దరే బతికి, చెరో నలభై మంది పిల్లల్ని పెంచారు. సగటున తలకి ఒక పిల్ల కూడా రాలేదు, 0.8 అంతే. అదే ఇంట్లో ఉండి, నా కష్టం వల్ల అమ్మ ఒక్క తమ్ముణ్ణి అదనంగా బతికించుకున్నా నాకు లాభమే. అమ్మా నాన్నా అదే జంట అయితే తమ్ముడిలోనూ నా సగం ఉంటుంది, సొంత పిల్లలోనూ సగమే. ముప్పావు వంతు మాయ అక్కర్లేదు. జంట మారకుండా ఉండాలి, బయట బతుకు కష్టంగా ఉండాలి.

చెదల విషయంలో ఆ కష్టం మనం కళ్లారా చూసిందే. తొలి వానకి ఉసిళ్లు లేస్తాయి. చిన్నప్పుడు మా అమ్మమ్మ బల్బు కింద నీళ్ల బేసిన్ పెట్టేది, పొద్దున లేచేసరికి గచ్చంతా రెక్కలే. కొన్ని మనం వేయించుకుని తింటాం, మిగతావాటిలో చాలా వరకు బల్లులు, కప్పలు, కాకుల పాలు. ఏ జంటో తప్పించుకుని, రెక్కలు రాల్చి, నేలలో దూరి, మొదటి పిల్లల్ని తామే పెంచాలి. తిండీ గూడూ ఒకేచోట దొరికే ఇల్లు వదిలి ఈ జూదం ఆడేకంటే ఉండిపోవడం మేలు. మన పుట్టల్లోని కూలీలకైతే తర్వాత మనసు మార్చుకునే దారి కూడా లేదు, జీవితాంతం కూలీలే.

బోడి ఎలుకలకి ఆ దారి ఉంది. కూలీ ఆడ ఎలుక అండాశయం ఎదగని పిల్లదానిలాగే ఉంటుంది, గుంపు నుంచి విడదీస్తే మాత్రం కొద్ది రోజుల్లో మేలుకుంటుంది. అందుకే రాణి సొరంగాల్లో తిరుగుతూ ఎదురొచ్చినవాళ్లని ముక్కుతో నెట్టి దబాయిస్తుంది. ఆ రాణి చచ్చిపోతే మర్నాటి నుంచీ పెద్ద ఆడ ఎలుకల మధ్య యుద్ధమే. వారాల పాటు కరుచుకుంటాయి, కొన్ని చచ్చిపోతాయి. గెలిచిన దానికి కాన్పులు మొదలయ్యాక వెన్నుపూసలు సాగి ఒళ్లు పొడవవుతుంది, ఒక్కోసారి పాతిక మందికి పైగా పిల్లల్ని మొయ్యాలి కదా.

ఆ సీను మాత్రం బాబాయి వీడియోలో లేదు.