దర్జీకి వెబ్‌సైట్ ఎందుకండీ?

పల్లెటూరి దర్జీలు వెబ్‌సైట్లు పెట్టుకోవడాన్ని వెంటనే నిషేధించాలి. మా దర్జీ సంగతి వింటే మీరూ నాతో గొంతు కలుపుతారు. నిన్నమొన్నటిదాకా ఆయన నిక్షేపంలాంటి మనిషి. బట్ట తీసుకెళ్తే మెడలోంచి టేపు తీసి కొలిచేవాడు, చేతికందిన చీటీ మీద నాలుగంకెలు గీకేవాడు, "రేపు రండి" అనేవాడు. వెళ్తే "కాజాలొక్కటే మిగిలాయండీ, రేపు రండి" అనేవాడు. డెలివరీ అంటే ఆయన కొట్టు దాకా మనం నడవడమేనని ఊరంతా ఒప్పుకున్న పద్ధతి. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. చిన్నప్పుడు కొలతలిచ్చి పెద్దయ్యాక బట్టలు తెచ్చుకున్నవాళ్ళున్నారు గానీ, వాళ్ళూ నోరెత్తలేదు.

ఈ ప్రశాంతతను పాడుచేసినవాడు ఆయన మేనల్లుడు. సెలవులకొచ్చి ఊరికే కూర్చోలేక మామయ్యకో వెబ్‌సైట్ చేసిపెట్టాడు. తయారుగా దొరికే నమూనా ఒకటి తీసుకుని పేరు, ఫొటోలు మార్చాడు. డెలివరీ పేజీలో ఆ నమూనా చేసినవాళ్ళెవరో "అన్ని చోట్లకూ ఉచితం, 3 నుంచి 5 రోజుల్లో మీ ఇంటికి" అని ముందే రాసిపెట్టి ఉంచారు.

"ఇది తీసేద్దామా మామయ్యా?"

"ఉండనీరా, నిండుగా ఉంది. ఎవడొచ్చి చూస్తాడు గనక!"

చూశారు. ఊళ్ళోవాళ్ళు కాదు, ఆయన పేరు కూడా సరిగ్గా పలకలేని దూరాలవాళ్ళు చూశారు. వారం తిరక్కుండా ఫోన్ టింగుటింగుమనడం మొదలెట్టింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న పెద్దల మాట ఆయన విషయంలో తలకిందులైంది. ఇంట్లో నా ప్యాంటు ఇంకా కత్తెర మొహం చూడలేదు.

మొదటి ఆర్డరు చొక్కా. ఛాతీ 44 అంగుళాలని కొన్నాయన రాశాడు. మా దర్జీ దాన్ని ఒంటి కొలత అనుకున్నాడు. గాలి ఆడడానికీ చెయ్యి ఎత్తడానికీ ఎప్పటిలాగే 4 అంగుళాలు లూజు కలిపి 48కి కత్తిరించాడు. తీరా చూస్తే ఆ పెద్దమనిషి తన పాత చొక్కాని మంచం మీద పరిచి, చంక నుంచి చంకకి 22 కొలిచి, రెట్టింపు చేసి పంపాడు. అంటే ఆ 44లో లూజు ముందే ఉంది. ఒళ్ళు 40 మాత్రమే. లూజు మీద లూజు పడి, చొక్కాలో ఆయనతో పాటు ఇంకొకరు కాపురం ఉండేంత జాగా మిగిలింది.

ఇక్కడ నా నిషేధం వాదనకి బలం చేకూర్చే విషయం ఒకటుంది. ఊళ్ళో అయితే ఈ తప్పు జరగదు. టేపు ఏం చెప్పినా ఎదురుగా నిలబడ్డ మనిషిని కన్ను చూస్తుంది: ఒక భుజం వాలిందా, పొట్ట ముందుకుందా, మనిషి వంగి నడుస్తాడా అని. మిగిలింది ఏదన్నా ఉంటే బట్టలు తీసుకోవడానికి వచ్చినప్పుడు తొడిగి చూసి, పక్క కుట్లు విప్పి, అక్కడికక్కడే సరిచేస్తాడు. మనం తిట్టుకుంటూ తిరిగిన ఆ "రేపు రండి"ల్లో ఒకటి నిజానికి కొలతలో భాగమే. కొరియర్ అబ్బాయి ఆ పని చెయ్యడు. సంతకం తీసుకుని వెళ్ళిపోతాడు. దాంతో ఆ చొక్కా వెళ్ళి, వెనక్కొచ్చి, పక్కలు తగ్గించుకుని మళ్ళీ వెళ్ళింది. మూడు ప్రయాణాలూ "ఉచితం". చొక్కా మీద వచ్చే కూలి మొదటి ప్రయాణానికే చాల్లేదు.

రెండోది పెళ్ళి కోటు. ఇస్త్రీ నలగకూడదని హ్యాంగర్‌తో సహా పెట్టెలో పెట్టాడు పాపం. పెట్టె 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 15 ఎత్తు. కోటూ పెట్టే కలిపి తూచినా కిలోన్నర దాటదు. కొరియర్ వాళ్ళు 7.2 కిలోలకి బిల్లు వేశారు. మా దర్జీ కాటా తప్పని పోట్లాడాడు. కాటా తప్పు కాదు. పెట్టె బండిలో ఆక్రమించే చోటుకీ వాళ్ళు లెక్క కడతారు: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలామంది 5000తో భాగిస్తారు. 36,000ని 5000తో భాగిస్తే 7.2. తూకం, ఈ లెక్క రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే వసూలు. అంటే ఆయన ముప్పాతిక వంతు డబ్బు గాలిని పంపడానికి కట్టాడు. అదే కోటుని భుజాలు లోపలికి తిప్పి మడిచి, మడతల మధ్య పల్చటి కాగితం పెట్టి, గట్టి సంచీలో 35, 28, 8 సెంటీమీటర్లలో సర్దితే లెక్క కిలోన్నరకి కాస్త అటూఇటూ వచ్చేది. మడత ముడతలు ఇస్త్రీకి పోతాయి, గాలికి కట్టిన డబ్బు పోదు... పోయిందే!

మూడో ఆర్డరు గురించి ఎక్కువ చెప్పను. బట్టలు చేతికందాక డబ్బు కడతానన్నవాడు, పార్శిల్ వచ్చేసరికి మనసు మార్చుకున్నాడు. రానుపోను ఖర్చు దర్జీదే. రెడీమేడ్ కొట్టువాడైతే ఆ చొక్కాని ఇంకొకరికి అమ్ముకుంటాడు. ఒకరి ఒంటికి కోసిన బట్ట ఇంకెవరికి పడుతుంది? ఐరోపా సమాఖ్య 2011 నాటి వినియోగదారుల హక్కుల ఆదేశం కూడా, ఆన్‌లైన్‌లో కొన్నవాటిని 14 రోజుల్లో కారణం చెప్పకుండా వెనక్కిచ్చే హక్కుని కొలతలిచ్చి కుట్టించుకున్న బట్టలకి ఇవ్వలేదు. చట్టాలు రాసేవాళ్ళకీ దర్జీ ఉన్నాడన్నమాట.

ఇక్కడైనా మా వాడు వెబ్‌సైట్ మూసేసి నా ప్యాంటు అందుకుంటాడని ఆశపడ్డాను. ఆయన మేనల్లుణ్ణి కూర్చోబెట్టుకుని డెలివరీ పేజీ తిరగరాశాడు. బస్సులో వెళ్ళి సాయంత్రానికి తిరిగి రాగలిగిన ఊళ్ళకి గురువారం గురువారం తనే వెళ్తాడట, తొడిగి చూసి ఇస్తాడట. అంతకన్నా దూరమైతే చొక్కాలు, పైజామాలే. కోట్లు కుట్టడు, ఎందుకంటే కోటు భుజం తొడిగి చూడకుండా కుదరదు. దూరంవాళ్ళు అంకెలు పంపితే చెల్లదు, ఒంటికి సరిపోయే ఆది చొక్కా పంపాలి. దాన్నే కొలుస్తాడు, ఏమీ కలపడు. పక్క కుట్ల లోపల మాత్రం అంగుళం బట్ట వదులుతాడు, బిగుతైతే వాళ్ళ ఊరి దర్జీ అయినా వదులు చెయ్యగలిగేలా. సగం డబ్బు ముందే రావాలి, వచ్చాకే కత్తెర. "3 నుంచి 5 రోజులు" చెరిపేశాడు, అది కొరియర్ ప్రయాణమే తప్ప అందులో కుట్టడానికి ఒక్క పూట కూడా లేదని అప్పుడు గమనించి. ఇప్పుడు ఆది అందిన రోజు నుంచి 15 రోజులు, ఆ పైన ప్రయాణం. రవాణా ఖర్చు విడిగా.

ఆర్డర్లు సగానికి పడిపోయాయి. ఆయన మొహంలో దిగులు లేదు, అదే నన్ను కలవరపెడుతోంది. చెప్పిన తారీఖుకి బట్టలు పంపుతున్నాడట! ముక్కూమొహం తెలీనివాళ్ళకి!

నా ప్యాంటు గురించి నిలదీద్దామని వెళ్ళాను. "మీ చీటీ ఎక్కడో ఉందండీ" అని వెతికి, దొరక్క, ఫోన్ నా చేతిలో పెట్టాడు. "ఇందులో పెట్టెయ్యండి. ఆది ప్యాంటు రేపు తెచ్చివ్వండి, సగం డబ్బు ఇప్పుడు కట్టండి. డెలివరీ దగ్గర 'కొట్టుకొచ్చి తీసుకుంటాను' అన్నది నొక్కండి, మీకు ఖర్చుండదు."

నొక్కాను. నేనే రేపు రావాలట. తారీఖు మాత్రం నిజంగానే వేసిచ్చాడు.