అలసట ఒక్కటే చాలదు
“రెండు పక్షాలూ అలసిపోతే యుద్ధం దానంతట అదే ఆగుతుంది.” ఈ మాటతో నేను ఏకీభవించను. మధ్య అమెరికా దేశమైన ఎల్ సాల్వడార్‌లో 1980లలో ప్రభుత్వానికీ వామపక్ష గెరిల్లాలకూ మధ్య సాగిన అంతర్యుద్ధాన్నే చూడండి. దాదాపు పదేళ్లు రక్తం పారినా గెలుపు తమదేనన్న ఆశ ఇరువైపులా చావలేదు. 1989 నవంబరులో గెరిల్లాలు రాజధాని శాన్ సాల్వడార్‌లోకే చొచ్చుకువచ్చారు, కానీ వాళ్లు ఎదురుచూసిన ప్రజా తిరుగుబాటు రాలేదు. సైన్యమూ వాళ్లను తుడిచిపెట్టలేకపోయింది. పైగా సైనికులు జెసూట్ అనే క్యాథలిక్ సంఘానికి చెందిన ఆరుగురు మతగురువులను కిరాతకంగా చంపడంతో, ప్రభుత్వాన్ని నిలబెడుతున్న అమెరికా సాయానికే ముప్పు వచ్చింది. పోరాడి గెలవలేమని అప్పుడు గానీ ఇద్దరికీ తెలిసిరాలేదు. అయినా ఐక్యరాజ్యసమితి మధ్యవర్తిత్వం, ఆయుధాలు దించితే రాజకీయ పార్టీగా కొనసాగవచ్చన్న హామీ లేకుండా 1992 జనవరి శాంతి ఒప్పందం కుదిరేదని నేను అనుకోను.