జనవరి 8 రాత్రి ఎనిమిది దాటితే నేను టైలర్ని కాను

మా దుకాణానికి ఏళ్ల తరబడి వస్తున్న అమ్మలకు, అక్కయ్యలకు, పిన్నిగార్లకు, వారి వెంట సంచి మోసుకొచ్చి గుమ్మం బయటే నిలబడే బాబాయిగార్లకు నమస్కారాలు.

ఈసారి కూడా సంక్రాంతి జనవరిలోనే వస్తోందని తెలియజేయడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇందులో కొత్తేముంది అనకండి. ఏటా కొత్త సంవత్సరం వచ్చిన నాలుగో రోజు నుంచీ మా బల్ల ముందు "అయ్యో మాస్టారూ, పండుగ ఇంత దగ్గరికి వచ్చేసిందా!" అన్న ఆశ్చర్యం వింటూనే ఉన్నాను. దసరాకో ఉగాదికో ఆ మాట అంటే అర్థం ఉంది. అవి చంద్రుణ్ణి బట్టి ముందుకూ వెనక్కూ జరుగుతాయి. దసరా ఒక ఏడు అక్టోబరు మొదట్లో వస్తే ఇంకో ఏడు నెలాఖరుకు పోతుంది. సంక్రాంతి పాపం సూర్యుడితో నడిచే పండుగ. మన తాతల నాటి నుంచీ జనవరి మధ్యలోనే కూర్చుని ఉంది. పైగా నెల ముందే ధనుర్మాసం పెట్టించి, తెల్లవారుజామున హరిదాసుల్ని వీధుల్లో తిప్పి, ప్రతి ఇంటి ముందూ ముగ్గులు వేయించి మరీ చెబుతుంది. ఇంతకంటే ముందస్తు నోటీసు ఇచ్చే పండుగ నాకు తెలిసి లేదు.

అందుకే గడువులు చెబుతున్నాను, మనసులో పెట్టుకోండి. మగ్గం వర్కు చేయించాల్సిన జాకెట్లు డిసెంబరు 5 లోపు. లైనింగు జాకెట్లు డిసెంబరు 20 లోపు. లైనింగు లేనివి డిసెంబరు 28 దాకా తీసుకుంటాను. చీరకు ఫాల్, పీకో మాత్రం జనవరి 8 వరకు. భోగి 13నా 14నా అన్న పంచాంగాల వాదన మనకొద్దు, నా లెక్క 12తో పూర్తవుతుంది.

ఈ తేదీలు నేను పొగరుతో పెట్టినవి కావు. మా దగ్గర రెండు మిషన్లు, ఇద్దరు కుట్టేవాళ్లు. కత్తిరించేది నేనొక్కణ్ణే. లైనింగు జాకెట్టు మిషను మీద రెండు గంటలు అడుగుతుంది, కాబట్టి రోజుకు ఇద్దరూ కలిసి ఎనిమిది. డిసెంబరు 24 వరకు మిషన్ల మీద క్రిస్మస్ బట్టలుంటాయి. (ఆ బట్టలిచ్చే అమ్మలు నవంబరులోనే ఇచ్చేస్తారు. వాళ్ల పండుగ తేదీ కూడా మారదు మరి, ఏం చేస్తాం!) 26 నుంచి జనవరి 12 వరకు పద్దెనిమిది రోజులు, అంటే 144 జాకెట్లు. కరెంటు పోయిన పూటలు, జనవరి 1 తీసేస్తే 130 అనుకోండి. డిసెంబరు 20 నాటికి నా పుస్తకంలో ఆ 130 నిండిపోతాయి. ఆ తర్వాత వచ్చే ప్రతి జాకెట్టూ ఎవరిదో ఒకరి జాకెట్టు మీద కూర్చోవాల్సిందే. "నాది ఒక్కటే కదా మాస్టారూ" అని మీరు అన్నప్పుడు నేను నవ్వేది అందుకే. గత జనవరిలో ఆ "ఒక్కటే"లు ఒకే సాయంత్రం పదకొండు వచ్చాయి.

"ఒక్క జాకెట్టుకు రెండు రోజులెందుకు?" అని ఒక అమ్మ అడిగారు. ప్రశ్న బాగుంది. జనవరి 7 రాత్రి ఏడున్నరకు వచ్చిన ఒక అర్జెంటు జాకెట్టు సంగతి చెబుతాను, పేరు చెప్పను.

మామిడి పిందెల అంచున్న పట్టుచీర. జాకెట్టు గుడ్డ చీరకే ఉంది, ఇంకా విడదీయలేదు. అల్లుడికి తొలి సంక్రాంతి, అమ్మాయి హైదరాబాదు నుంచి 12న దిగుతుంది, 13 పొద్దున కట్టుకోవాలి. ఆది జాకెట్టు ఇచ్చారు. నిశ్చితార్థం నాటిదట. తిప్పి చూస్తే రెండు పక్కలా పాత కుట్టు విప్పిన సూది రంధ్రాలు వరుసగా కనిపిస్తున్నాయి, వాటికి అర అంగుళం అవతల కొత్త కుట్టు, అదీ చేత్తో వేసింది. అంటే ఈ ఆది ఆ అమ్మాయి ఒంటికి ఇప్పుడు సరిపోయే ఆది కాదు, ఒకప్పుడు సరిపోయిన ఆది. "దీనికే కుట్టాలా అమ్మా?" అన్నాను. "దానికే, కొంచెం వదులుగా. మరీ వదులొద్దు, బిగువుగానే ఉండాలి" అన్నారు. రాసుకున్నాను.

తర్వాత చేతులు. మోచేతి దాకా కావాలి, చేతులకూ వీపుకూ పెద్ద అంచే రావాలి. చీరతో వచ్చే గుడ్డ సుమారు ఎనభై సెంటీమీటర్లు. అందులో పెద్ద అంచు ఒకవైపే ఉంది. రెండు చేతులకూ వేస్తే వీపుకు మిగలదు, వీపుకు వేస్తే చేతులకు చిన్న అంచుతో సరిపెట్టుకోవాలి. ఏది కావాలో అమ్మాయే చెప్పాలి. అమ్మాయి ఫోను ఎత్తలేదు. ఎత్తేసరికి తొమ్మిదిన్నర. చేతులకే అని తేలింది. అప్పటికి మ్యాచింగ్ సెంటర్ మూసేశారు. లైనింగు గుడ్డ మర్నాడు పొద్దున పది తర్వాతే వచ్చింది.

ఇక అసలు సంగతికి వస్తాను. లైనింగు నూలు గుడ్డ. నీళ్లు తగిలితే కుంచించుకుపోతుంది. అందుకని కత్తిరించక ముందే నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేసి, ఇస్త్రీ చేయాలి. పుష్యమాసపు మంచుకు అది ఆరేసరికి మధ్యాహ్నం మూడు. మీరు నాకు డబుల్ ఇచ్చినా, త్రిబుల్ ఇచ్చినా కుట్టేవాడి చెయ్యి వేగం పెరుగుతుందేమో గానీ గుడ్డ ఆరే వేగం పెరగదు. తొందరలో నానబెట్టకుండా కుట్టి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. భోగి రోజు ఆ జాకెట్టుకూ నా జాకెట్టుకూ తేడా మీకు తెలియదు. మొదటిసారి ఉతికినప్పుడు తెలుస్తుంది. లోపలి లైనింగు కుదించుకుపోతుంది, పైన పట్టు అలాగే ఉంటుంది. వీపు మీదా చంక దగ్గరా గుడ్డ బుడగలు బుడగలుగా పొంగుతుంది. ఇస్త్రీకి లొంగదు. అప్పుడు మీరు అనేది "లైనింగు నానబెట్టలేదు" అని కాదు, "టైలరు పాడుచేశాడు" అని.

మూడున్నరకు కత్తిరించాను. మామూలుగా ఒకే రంగు దారం వేసే జాకెట్లు వరుసగా మిషనెక్కిస్తాం. పట్టుకు సన్న సూది కావాలి కాబట్టి పట్టువన్నీ ఒక చోట. ఇది ఆ వరుసలోది కాదు. నడుస్తున్న పని ఆపి, దారం మార్చి, బాబిన్‌ మార్చి, సూది మార్చాలి, అయ్యాక మళ్లీ అన్నీ వెనక్కి మార్చాలి. రాత్రి పదికి మిషను దిగింది. హుక్స్, కాజాలు, మెడకూ చేతులకూ హెమ్మింగు మా వీధి చివర ఒక అక్క ఇంటి దగ్గర చేసి ఇస్తుంది. రాత్రి పట్టు మీద దారం ఎక్కడ పడుతుందో తెలియదు కాబట్టి ఆవిడ పొద్దున వెలుతురులోనే చేస్తుంది. 9 మధ్యాహ్నానికి జాకెట్టు తయారు. చూశారు కదా, అందరినీ ఆపి, ఎవరూ పడుకోకుండా చేస్తే వచ్చిన అంకె అది.

అమ్మాయి వచ్చాక చేతుల దగ్గర బిగిసింది. అది ముందే ఊహించి పక్కల లోపల అంగుళం గుడ్డ వదిలాను కాబట్టి పావుగంటలో విప్పి ఇచ్చాం. ఇదే మగ్గం వర్కు జాకెట్టయితే ఆ పావుగంట కూడా ఉండేది కాదు. దానికి ముందు గుడ్డ మీద మెడ, చేతులు గీసి ఇస్తే, మగ్గానికి బిగించి పూసలూ జరీ కుడతారు. కత్తిరించేది ఆ తర్వాతే. గీత దగ్గర తప్పితే పూసల మధ్య నుంచి విప్పుకోవాలి. అందుకే డిసెంబరు 5. జనవరిలో మగ్గం పని అడిగేవాళ్లకు నా దగ్గర మంచినీళ్లు మాత్రం ఉన్నాయి.

ఇక చార్జీలు. లైనింగు జాకెట్టు మామూలు మజూరీ 500. డిసెంబరు 21 నుంచి 31 వరకు వచ్చినవాటికి 200 అదనం. జనవరి 1 నుంచి 8 వరకు 400 అదనం. ఈ 400 వినగానే "పండుగ పేరు చెప్పి దోచుకుంటున్నాడు" అన్న మాట ఈ వీధిలో ఎటు తిరిగి వచ్చినా నా చెవిన పడుతుంది కాబట్టి లెక్క ఇక్కడే చెప్పేస్తాను. రాత్రి కూర్చున్నందుకు కుట్టేవాడికి మామూలు కూలి మీద 150. హెమ్మింగు అక్కకు 50. మీ జాకెట్టు కోసం ఎవరిది ఒక రోజు వెనక్కి జరిగిందో, వారి ఒప్పుకోలు అడిగి, వారి బిల్లులో 100 తగ్గిస్తాను. చివరి 100 నాది. "మాస్టారూ, అయిందా?" అని రోజుకు ఏడుసార్లు వచ్చే ఫోనుకు "అవుతోందమ్మా" అని శాంతంగా చెప్పినందుకు.

ఆ తగ్గింపు సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఒక పెద్దావిడ అప్పుడే నాలుగు జాకెట్లు ఇచ్చేసి, రోజూ సాయంత్రం వచ్చి "నన్నెవరైనా వెనక్కి నెట్టారా నాయనా?" అని ఆశగా అడుగుతున్నారు.

అర్జెంటు డబ్బులు మొత్తం ముందే ఇవ్వాలి. ఆది జాకెట్టు గత ఆరు నెలల్లో తొడుక్కున్నదే ఇవ్వాలి. కొలతలు ఫొటో తీసి పంపితే తీసుకోను. మెడ ఎంత లోతో ఫొటో చెప్పదు. "పోయినసారి కుట్టినట్టే" అన్నవారు పోయినసారి ఏమని తిట్టారో కూడా గుర్తుచేయాలి. జనవరి 8 రాత్రి ఎనిమిదికి పుస్తకం మూసేస్తాను. ఎనిమిదింపావుకు వచ్చి "మన మధ్య ఇదేమిటి మాస్టారూ" అంటే, టీ తెప్పిస్తాను, జాకెట్టు మాత్రం తీసుకోను. తీసుకుంటే ఆ 130 మందిలో ఒకరికి భోగి పొద్దున అబద్ధం చెప్పాలి.

అన్నట్టు, గత సంక్రాంతికి "ప్రాణం పోతోంది, ఎలాగైనా ఇవ్వాలి" అని రాత్రి పదింటి దాకా ఇక్కడే కూర్చుని కుట్టించుకున్న ఆకుపచ్చ జాకెట్టు, గులాబీ రంగు జాకెట్టు ఇంకా మా హ్యాంగరుకే వేలాడుతున్నాయి. ఆ అమ్మలు ఈ ఉత్తరం చదివితే వచ్చి తీసుకెళ్లగలరు. అర్జెంటు చార్జీ అప్పుడే తీసుకున్నాను, కాబట్టి మజూరీ ఇస్తే చాలు. పక్కలు విప్పాల్సి వస్తే ఉచితం.

ఇట్లు,
మీ లేడీస్ టైలర్