చేతికి రాని డివిడెండుకూ పన్ను ఉంది, అమ్మేటప్పుడు దానికి ఖరీదూ ఉంది

వాట్సాప్‌లో తిరుగుతున్న సందేశం ఇది:

"మ్యూచువల్ ఫండ్ డివిడెండును తిరిగి అదే ఫండులో పెట్టేస్తే డబ్బు మన చేతికి రాదు, కాబట్టి దానిపై పన్ను లేదు. అమ్మినప్పుడు వచ్చిన మొత్తంలోంచి మొదట్లో పెట్టిన సొమ్ము తీసేస్తే లాభం తేలిపోతుంది. ఆ లెక్క కూడా ఇప్పుడు పన్ను శాఖ చూపించే ఏఐఎస్‌లో సిద్ధంగా ఉంటుంది. పాత స్టేట్‌మెంట్లు దాచుకోవడం దండగ."

రిటర్నులు దాఖలు చేసే నెలల్లో ఈ సందేశాన్ని చూపించి "ఇంతే కదండీ?" అని అడిగేవారు ఏటా నలుగురైదుగురు వస్తారు. ఇందులో నాలుగు మాటలున్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి మాట

2020 మార్చి 31 వరకు డివిడెండుపై పన్నును ఫండు సంస్థే కట్టి, మిగిలింది పంచేది. మదుపరి చేతిలో దానికి పన్ను ఉండేది కాదు. సందేశం రాసినవారి తల బహుశా అక్కడే ఆగిపోయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు డివిడెండు మన ఆదాయంలో కలుస్తుంది, మన శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. బ్యాంకు ఖాతాకు వచ్చిందా, తిరిగి యూనిట్లుగా మారిందా అన్నదానితో చట్టానికి నిమిత్తం లేదు. మీకు రావలసిన డబ్బును మీ మాట ప్రకారమే వేరే చోట పెట్టారు, అంతే.

పైగా ఒక ఏడాదిలో ఒక ఫండు సంస్థ నుంచి వచ్చే డివిడెండు పరిమితి దాటితే పది శాతం టీడీఎస్ కోసి, మిగిలిన సొమ్ముతోనే యూనిట్లు ఇస్తారు. ఆ పరిమితి 2025 మార్చి వరకు 5,000 రూపాయలు, ఆ తర్వాత 10,000. టీడీఎస్ కోశారంటే పన్ను శాఖకు తెలిసిపోయినట్టే.

ఇక్కడ ఒక పక్కమాట. డివిడెండు ఇచ్చిన రోజు యూనిట్ విలువ, అంటే ఎన్‌ఏవీ, దాదాపు అంత మేరకూ తగ్గుతుంది. మన కుడి జేబులోది ఎడమ జేబులోకి వస్తుంది, మధ్యలో పన్ను పడుతుంది. అందుకే సెబీ 2021 ఏప్రిల్ నుంచి 'డివిడెండ్' అన్న పేరే తీయించి, 'ఆదాయ పంపిణీ, మూలధన ఉపసంహరణ' అనే అర్థమొచ్చే ఐడీసీడబ్ల్యూ అన్న పేరు పెట్టించింది. నోరు తిరగని పేరే కానీ నిజాయితీ గల పేరు.

రెండో మాట

డబ్బు నష్టపరిచేది ఇదే కాబట్టి ఒక లెక్క పూర్తిగా చూద్దాం. అంకెలు సులువుగా ఉండేలా నేను వేసుకున్నవి, నిబంధనలు మాత్రం అసలువే.

ఒకరు 2019 మేలో ఒక ఈక్విటీ ఫండులో 2,00,000 రూపాయలు పెట్టారు. ఎన్‌ఏవీ 20, కాబట్టి 10,000 యూనిట్లు. డివిడెండు తిరిగి అందులోనే పెట్టే పద్ధతి ఎంచుకున్నారు.

2020 ఫిబ్రవరిలో యూనిట్‌కు రూపాయిన్నర చొప్పున 15,000 రూపాయల డివిడెండు వచ్చింది. అప్పటికి పాత పద్ధతే, కోతేమీ లేదు. ఎన్‌ఏవీ 20 దగ్గర 750 యూనిట్లు చేరాయి. మొత్తం 10,750.

2022 మార్చిలో యూనిట్‌కు 2 రూపాయల చొప్పున 21,500. టీడీఎస్ 2,150 పోగా 19,350 మిగిలింది. ఎన్‌ఏవీ 21.50 దగ్గర 900 యూనిట్లు వచ్చాయి. మొత్తం 11,650.

2025 మార్చిలో మళ్లీ యూనిట్‌కు 2 రూపాయలు, అంటే 23,300. టీడీఎస్ 2,330 పోగా 20,970. ఎన్‌ఏవీ 23.30 దగ్గర ఇంకో 900. మొత్తం 12,550 యూనిట్లు. (స్టాంపు రుసుము కింద రూపాయో అర్ధరూపాయో పోతుంది. ఇక్కడ వదిలేశాను.)

2025 నవంబరులో ఎన్‌ఏవీ 28 ఉన్నప్పుడు అన్నీ అమ్మేశారు. వచ్చింది 3,51,400.

సందేశం చెప్పినట్టు చేస్తే లాభం 1,51,400. నిజానికి ఖరీదు 2,00,000 కాదు. తిరిగి పెట్టిన ప్రతి డివిడెండూ ఒక కొత్త కొనుగోలే. 2,00,000కు 15,000, 19,350, 20,970 కలిపితే ఖరీదు 2,55,320. లాభం 96,080. మధ్యలో ఉన్న తేడా 55,320 రూపాయలు. అందులో చివరి రెండు డివిడెండ్లకు ఆయా సంవత్సరాల్లో శ్లాబు ప్రకారం పన్ను ఒకసారి పడింది. ఖరీదులో చూపించకపోతే అదే సొమ్ముకు లాభం పేరుతో రెండోసారి కట్టినట్టు. 2020 నాటి 15,000కు మదుపరి పన్ను కట్టలేదు కదా, దాన్ని ఖరీదులో కలపవచ్చా అని అడుగుతారు. కలపవచ్చు. ఆ సొమ్ముతో యూనిట్లు కొన్నది నిజమే కదా.

2025 మార్చి లాటుకు, అంటే ఆ నెల ఒకేసారి చేరిన 900 యూనిట్లకు, ఖరీదు 23,300 అని వేసేవారూ ఉన్నారు. యూనిట్లు కొన్నది 20,970తోనే. కోసిన 2,330 ఎక్కడికీ పోలేదు, ఆ ఏడాది రిటర్నులో కట్టిన పన్నుగా జమ అవుతుంది. కాకపోతే ఆ ఏడాది ఆదాయంలో చూపవలసింది మాత్రం పూర్తి 23,300. ఒకే డివిడెండుకు మూడు అంకెలు, మూడూ మూడు చోట్లకు వెళ్తాయి. చాలామంది తడబడేది ఇక్కడే.

తేదీ సంగతి ఇంకా ఉంది. చివరి 900 యూనిట్లు కొని ఎనిమిది నెలలే అయింది, ఏడాది నిండలేదు, కాబట్టి వాటిపై వచ్చిన 4,230 రూపాయలు స్వల్పకాలిక లాభం. 2024 జూలై 23 నుంచి జరిగిన అమ్మకాలకు దీని రేటు 20 శాతం, అంటే 846 రూపాయలు. మిగతా 11,650 యూనిట్ల మీద లాభం 91,850. ఇది దీర్ఘకాలికం. ఏడాదికి 1,25,000 దాకా మినహాయింపు ఉంది కాబట్టి ఇతర లాభాలు లేకపోతే పన్ను సున్నా. సెస్సు పక్కన పెడితే కట్టవలసింది 846. సందేశం లెక్కలో 1,25,000 పైనున్న 26,400కు పన్నెండున్నర శాతం చొప్పున 3,300. ఆ మినహాయింపు వేరే అమ్మకాలతో ముందే అయిపోయినవారికి సందేశం లెక్క 18,925, సరైన లెక్క సుమారు 12,327.

ఇలా 3,300 కట్టినవారు ఎక్కువ కట్టారు కాబట్టి క్షేమంగా ఉన్నారనీ అనలేం. స్వల్పకాలిక లాభాన్ని వారు అసలు చూపనే లేదు.

అన్నీ కాక కొన్నే అమ్మితే ముందు కొన్నవి ముందు అమ్మినట్టు లెక్క. పై ఉదాహరణలో 5,000 యూనిట్లు అమ్మితే అవన్నీ 2019 నాటివే, ఖరీదు యూనిట్‌కు 20. సగటు తీయకూడదు. ఇంకో రెండేళ్లకు మిగతావి అమ్మేనాటికి ఏ లాటులోంచి ఎన్ని పోయాయో రాసి ఉండకపోతే మళ్లీ మొదటి నుంచి కూర్చోవాలి.

మూడో మాట

ఇందులో సగం నిజముంది, ఒప్పుకుంటాను. ఫండు మొదటి నుంచీ ఒకే ఫోలియోలో, అంటే ఒకే ఖాతా సంఖ్య కింద, ఉంటే ఫండు సంస్థల తరఫున మదుపరుల లెక్కలు రాసే రిజిస్ట్రార్ ఇచ్చే మూలధన లాభాల పత్రం మన పని చాలావరకు చేసేస్తుంది. మన దేశంలో ప్రధానంగా ఇద్దరు రిజిస్ట్రార్లు: చెన్నైలోని క్యామ్స్, హైదరాబాదులోని కేఫిన్‌టెక్. డివిడెండు లాట్లను కూడా తేదీలతో సహా ఆ పత్రంలో విడివిడిగా చూపిస్తారు.

ఏఐఎస్ వేరు. అది ఇతరులు పన్ను శాఖకు చెప్పిన సమాచారం ఒకచోట పేర్చిన పట్టిక. అమ్మిన మొత్తం అందులో బాగానే ఉంటుంది. ఖరీదు దగ్గరే తేడా వస్తుంది. యూనిట్లు ఒక డీమ్యాట్ ఖాతా నుంచి ఇంకో దానికి మారితే కొత్త బ్రోకరుకు పాత ఖరీదు తెలియదు. ఖరీదు గడిలో సున్నా కనిపించిందంటే ఉచితంగా వచ్చాయని కాదు, చెప్పినవారికి తెలియదని. అంకె తప్పయితే అదే పేజీలో `Information is not fully correct` అని ఎంచుకొని సరైనది నమోదు చేయవచ్చు. కానీ ఆ సరైన అంకె మన దగ్గర ఉండాలి కదా.

2018 జనవరి 31 వరకు కొన్న ఈక్విటీ ఫండుకు ఇంకో మెలిక. అసలు ఖరీదు ఒకవైపు, ఆ రోజు ఎన్‌ఏవీ, అమ్మిన ధర రెండింటిలో తక్కువది మరోవైపు పెట్టి, వాటిలో ఎక్కువైనది ఖరీదుగా తీసుకోవాలి. 2016లో 20కి కొని, 2018 జనవరి 31న 32 ఉండి, ఇప్పుడు 50కి అమ్మితే ఖరీదు 32. ఇది లాటు లాటుకూ వేరు. 2017లో తిరిగి పెట్టిన డివిడెండు యూనిట్లకు ఈ వెసులుబాటు ఉంది, 2019 నాటి వాటికి లేదు. ఒకే ఫోలియోలో పక్కపక్క వరుసలే, నియమం మాత్రం వేరు.

నాలుగో మాట

దండగో కాదో ఒక కవరు చెబుతుంది. విశ్రాంత ఉపాధ్యాయుని భార్య ఒకావిడ నిరుడు నా దగ్గరకు వచ్చారు. భర్త 2019లో కొన్న యూనిట్లు 2024లో ఆయన పోయాక ఆవిడ పేరుకు మారాయి. 2025లో అమ్మారు. ఆవిడ తెచ్చిన పత్రంలో కొన్న తేదీ 2024గా, ఖరీదు ఆ రోజు ఎన్‌ఏవీగా పడింది. ఏడాది నిండలేదు కాబట్టి మొత్తం స్వల్పకాలికమని చూపించింది. చట్టం అలా అనదు. వారసత్వంగా వచ్చిన ఆస్తికి ఖరీదు భర్త పెట్టినదే, కాలం భర్త కొన్ననాటి నుంచే. ఖరీదు తగ్గింది కాబట్టి లాభం పెరిగింది, కానీ అది దీర్ఘకాలికమై మినహాయింపు లోపలే ఉండిపోయింది.

అది రుజువు చేసింది భర్త దాచిన 2019 నాటి స్టేట్‌మెంటు. ఎల్ఐసీ బాండ్ల కవరులో, మూడు మడతలు పెట్టి ఉంది.

అలాంటి కవరు లేనివారు ఇప్పుడే చేయగలిగిందొకటి ఉంది. రిజిస్ట్రార్ వెబ్‌సైటులో రెండు సంస్థలకూ కలిపి ఇచ్చే ఖాతా స్టేట్‌మెంటును వివరమైన రకం ఎంచుకొని, మొదటి కొనుగోలు కంటే ముందు తేదీ నుంచి అడగండి. ఇప్పుడు నిల్వ లేని ఫోలియోలనూ కలపమనండి. వచ్చాక ప్రతి ఫండు పైన `Opening Unit Balance` ఎంతుందో చూడండి. సున్నా ఉంటే చరిత్ర మొత్తం వచ్చినట్టు. వేరే అంకె ఉంటే పాత లాట్లు తెగిపోయినట్టే, తేదీ ఇంకా వెనక్కి జరిపి మళ్లీ అడగాలి.

తర్వాత లాటుకొక వరుస రాసుకోండి: తేదీ, కొనుగోలా తిరిగి పెట్టిన డివిడెండా, పూర్తి డివిడెండు, కోసిన టీడీఎస్, యూనిట్లకు పెట్టిన సొమ్ము, ఎన్‌ఏవీ, వచ్చిన యూనిట్లు, ఆనాటికి మొత్తం యూనిట్లు. చివరి గడిలోని అంకె స్టేట్‌మెంటులోని నిల్వతో మూడో దశాంశం దాకా కలవాలి. కలవలేదంటే సాధారణంగా మధ్యలో ఒక డివిడెండు వరుస జారిపోయి ఉంటుంది.