పదిహేనులో ఆరు పోతే పదమూడు

అలెర్జీ మాత్రల్లో ఉండే సెటిరిజిన్‌ను దాదాపు ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు మింగే ఉంటారు. దాన్ని బల్క్‌గా తయారు చేసే ఒక కర్మాగారం ప్రయోగశాలలో, హైదరాబాద్ శివార్లలో, నేను అణువుల జాతకాలు చూస్తూ ఉంటాను. మాస్ స్పెక్ట్రోమీటరు అణువుకు విద్యుదావేశం ఇచ్చి, వాయువుతో ఢీకొట్టించి ముక్కలు చేస్తుంది. ఆ ముక్కల బరువులు చూసి అసలు అణువు రూపం చెప్పడమే మా ఉద్యోగం. పగిలిన గాజుపెంకులు చూసి ఆ గాజు ఎవరి చేతిదో చెప్పడం లాంటిది. చెప్పేశాక మాత్రం ఎవరి చేతిదని ఎవరూ అడగకూడదు.

ఒక మంగళవారం స్థిరత్వ పరీక్ష నమూనాలో కొత్త మలినం కనిపించింది. పరిమాణం 0.12 శాతం. రోజుకు రెండు గ్రాములకు మించని మందులో 0.10 శాతం దాటిన మలినం ఏమిటో తేల్చి తీరాలి. నాకు పండగే. ఇలాంటి అవకాశం కోసం ఏడాదిగా ఎదురుచూస్తున్నాను.

స్పెక్ట్రమ్ తెరిచాను. మలినం m/z, అంటే బరువును ఆవేశంతో భాగిస్తే వచ్చే అంకె, 391 దగ్గర ఉంది. మా సెటిరిజిన్ ప్రోటాన్‌తో కలిసి 389 దగ్గర వస్తుంది. రెండే తేడా. అంటే రెండు హైడ్రోజన్లు ఎక్కువన్నమాట! సెటిరిజిన్ మధ్యలో ఉండే పైపరజీన్ వలయంలో ఒక బంధం తెగి రెండు కొసలకూ చెరో హైడ్రోజన్ తగిలి ఉంటుందని కూర్చున్న చోటే నిశ్చయించుకున్నాను. పిల్ల నచ్చాక జాతకం కలవకపోవడం ఎక్కడైనా ఉంటుందా?

జాతకం కలిసింది కూడా. ముక్కలు 279, 167, 149. మొదట 391 నుంచి 112 పోయి 279 అయింది. క్లోరోబెంజీన్ బరువు సరిగ్గా 112, సెటిరిజిన్‌లో క్లోరిన్ ఉన్న బెంజీన్ వలయం ఉండనే ఉంది. తర్వాత 279 నుంచి మరో 112 పోయి 167. తెగిన పైపరజీన్ ముక్క, C6H12N2, అదీ 112! ఇక 167 అంటే చదువుకున్న ప్రతివాడికీ తెలిసిన బెంజ్‌హైడ్రిల్ అయాను, C13H11. రెండు బెంజీన్ వలయాలు ఒక కార్బన్‌ను పట్టుకుని ఉంటాయి. సెటిరిజిన్ వెన్నెముకే అది. చివరి 149 అంటే 167 నుంచి నీళ్లు, అంటే 18, పోవడం. నీళ్లు పోవడం ఎప్పుడూ ఉండేదే కనుక దాని గురించి ఎక్కువ ఆలోచించలేదు.

రెండు రోజులు కూర్చుని పద్దెనిమిది పేజీల నివేదిక రాశాను. ఒక్కో ముక్కకు ఒక్కో పేజీ, పేజీ నిండా వంపు బాణాలు. నిర్మాణ చిత్రాన్ని పెద్ద కాగితం మీద అచ్చు వేయించి నా బల్ల ఎదుట గోడకు అంటించాను కూడా. ఎవరూ అడగకపోయినా వచ్చేపోయేవారికి వివరించాను.

శుక్రవారం మా మేడమ్ నివేదిక తీసుకున్నారు. ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్న మనిషి. కళ్లద్దాలు సవరించుకుని పేజీలు వరుసగా కాకుండా, మొదటిదీ మూడోదీ పక్కపక్కన పెట్టారు. నాకు అప్పుడే గుండె ఒకసారి జారింది. ఎందుకంటే నేను వాటినెప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

"ఏమయ్యా, మొత్తం ఎన్ని కార్బన్లు?" అన్నారు.

"ఇరవై ఒకటి, మేడమ్."

"క్లోరోబెంజీన్ పట్టుకుపోయినవి?"

"ఆరు."

"మిగిలినవి పదిహేను. పైపరజీన్ ముక్కలో ఇంకో ఆరు. ఇప్పుడెన్ని?"

"తొమ్మిది" అన్నాను, నా గొంతు నాకే వినిపించలేదు.

"మరి నీ 167లో పదమూడు ఉన్నాయే! పైగా రెండు వలయాలు. ఒక వలయం మొదటి పేజీలోనే ఇల్లు వదిలి పోయింది కదా, మూడో పేజీలో భోజనానికి మళ్లీ వచ్చిందా?"

నేను గోడమీది చిత్రం వైపు చూశాను. అది కూడా నా వైపు చూడడం మానేసినట్టు అనిపించింది.

ఆవిడ ఆగలేదు. "సరే, వచ్చిందే అనుకుందాం. C13H11లో ఆక్సిజన్ ఉందా? లేదు. మరి దాన్నుంచి నీళ్లు ఎలా పిండావు?" తర్వాత పెన్సిలు తిప్పి 391 పక్కన చిన్న గీత పెట్టారు. "క్లోరిన్ ఉంటే 393 దగ్గర మూడో వంతు ఎత్తున ఇంకో గీత ఉండాలి. ఇక్కడ పిసరంత ఉంది."

"సిగ్నల్ బలహీనంగా ఉందని రాశాను, మేడమ్, పదకొండో పేజీలో."

"చదివాను. బలహీనంగా ఉంటే రెండూ కలిసి బలహీనం కావాలి. నిష్పత్తి ఎందుకు మారుతుంది?" అని పుస్తకం మూసేశారు. "రెండుసార్లు అదే 112 పోతే ఇద్దరు వేర్వేరు మనుషులు పోయారని ఎందుకు అనుకున్నావు? కవలలేమో చూడవద్దా? అయినా 149 కనిపిస్తే నేనైతే ముందు గదిలో ప్లాస్టిక్ కోసం వెతుకుతాను."

అప్పుడు వెలిగింది. ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపే థాలేట్ల గుర్తు 149. వాటిలో పేరుమోసినది డై ఇథైల్ హెక్సైల్ థాలేట్, ప్రోటాన్‌తో కలిసి సరిగ్గా 391. దానికి ఎనిమిది కార్బన్ల చేతులు రెండుంటాయి. ఒక్కో చెయ్యి C8H16గా ఊడిపోతే ఒక్కోసారి 112. మిగిలేది థాలిక్ ఆమ్లం, ప్రోటాన్‌తో కలిసి 167. దానిలో పక్కపక్కనే ఉన్న రెండు ఆమ్ల సమూహాలు ఒక నీటి అణువును వదిలేసి వలయంగా ముడుచుకుంటే 149. నేను పద్దెనిమిది పేజీల్లో చెప్పలేనిదాన్ని అది మూడు అడుగుల్లో చెప్పేసింది. అనుమానం తీరడానికి పక్క భవనంలో, బరువును దశాంశాల దాకా కొలిచే అధిక విభేదన యంత్రంలో పెట్టించాం. నా ఊహ ప్రకారం 391.178 రావాలి. వచ్చింది 391.284. హైడ్రోజన్లు ఎక్కువైన కొద్దీ దశాంశ భాగం పైకి పాకుతుంది. వీడి దశాంశం చూస్తేనే తెలిసిపోతుంది, ఒళ్లంతా హైడ్రోజనే.

ఇక మిగిలిన ప్రశ్న, ఈ ప్లాస్టిక్ ఎక్కడిది? మందు కలపని ఖాళీ ద్రావకంలో మలినం లేదని నేనే రాశాను. మేడమ్ ఆ రోజు ఏం జరిగిందో అడుగు అడుగునా అడిగారు. ఖాళీ ద్రావకం గాజు సీసా నుంచి నేరుగా పోశాను. నమూనాకు మాత్రం పెద్ద క్యాన్ నుంచి వంచి పోయడం కష్టమని, చేపల తొట్టెలు అమ్మే దుకాణంలో మెత్తటి, పారదర్శకమైన, చూడముచ్చటైన పి.వి.సి. గొట్టం మూడు మీటర్లు కొని దాని ద్వారా తీశాను. ఎసిటోనైట్రైల్ కలిసిన ద్రావకం రాత్రంతా ఆ గొట్టంలో నిలిచింది. నా తెలివికి నేనే మురిసి అందరికీ చూపించాను కూడా.

మర్నాడు అదే గొట్టంలో ఉత్త ద్రావకం రాత్రంతా ఉంచి యంత్రంలో పెట్టాం. మందు చుక్క లేదు. 391 మాత్రం నిటారుగా నిలబడింది.

నివేదిక మూడు వాక్యాలకు తగ్గింది. విచలన పత్రంలో 'మూలకారణం' గడి ఇరుకుగా ఉంది కాబట్టి 'గొట్టం' అని ఒక్క మాట రాసి సంతకం పెట్టాను. గోడమీది చిత్రాన్ని తీయబోతే అంటించిన టేపు రంగుతో సహా ఊడి వచ్చింది.

సరిగ్గా అప్పుడే అకౌంట్స్ విభాగం నుంచి ఫోను. గొట్టం తాలూకు బిల్లు మంజూరైందట, వచ్చి డబ్బు తీసుకెళ్లమన్నారు.