పాస్‌వర్డ్ గట్టిదేనా అని అడిగితే ఏం తెలుస్తుంది?

తిరుపతిలో పదో తరగతి చదువుతున్న మా మేనకోడలు సైబర్ భద్రత ప్రాజెక్టు కోసం ఒక సర్వే పత్రం తయారుచేసి నాకు పంపింది. మొదటి ప్రశ్న, ‘మీ పాస్‌వర్డ్ గట్టిదేనా?’ దానికి కాదని రాసే పిల్లవాడు ఎక్కడైనా ఉంటాడా?

వాళ్లు అబద్ధం చెబుతారనీ కాదు. Govinda@123 సంగతే చూడండి. పెద్దక్షరం, చిన్నక్షరాలు, గుర్తు, అంకెలు అన్నీ ఉన్నాయి కనుక చాలా వెబ్‌సైట్లు మారుమాట లేకుండా ఒప్పుకుంటాయి. తిరుపతి కుర్రాడి ఖాతా తెరవాలనుకున్నవాడు మొదట వేసి చూసేదీ అలాంటిదే. డౌన్‌లోడ్ చేసిన ఆధార్ కూడా పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం కొడితే తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ అంటే ఇలాగే ఉండాలని పిల్లలు అక్కడే నేర్చుకుంటున్నారేమోనని నా అనుమానం.

అసలు ముప్పు ఒకే పాస్‌వర్డును అన్నిచోట్లా వాడటంలో ఉంది. ఏదో గేమ్ సైటు నుంచి ఈమెయిళ్లు, పాస్‌వర్డులు బయటపడితే, దొంగలు అవే జతలను మిగతా సైట్లలో వేల సంఖ్యలో వేసి చూస్తారు. అప్పుడు ఎంత గట్టి పాస్‌వర్డైనా ఒకటే. అందుకే ‘చివరిసారి ఖాతా తెరిచినప్పుడు కొత్త పాస్‌వర్డ్ పెట్టారా, పాతదే పెట్టారా, పాతదానికి చివర అంకె మార్చారా?’ అని అడగమన్నాను. అభిప్రాయం అడిగితే మంచి జవాబు వస్తుంది, జరిగిన పని అడిగితే నిజం వచ్చే అవకాశం ఎక్కువ.

ఓటీపీ సంగతీ అంతే. ‘ఎవరికైనా చెబుతారా?’ అంటే అందరూ ‘చెప్పం’ అనే అంటారు. కానీ మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు బుక్ చేసేది చాలా ఇళ్లలో పిల్లలే. ఊళ్లో ఉన్న తాతయ్య ఫోనుకు అంకెలు వస్తాయి, ఆయన చదివి వినిపిస్తారు. పిల్లల లెక్కలో అది ఓటీపీ చెప్పడం కిందికి రాదు. తాతయ్యకు మాత్రం ఫోనులో అడిగితే చదివే అలవాటు పడిపోయింది. రేపు అడిగే గొంతు మనవడిది కాకపోవచ్చు. ‘గత నెలలో ఇంట్లోవాళ్ల ఓటీపీని ఫోనులో చెప్పించుకున్నారా?’ అన్నదే ఇక్కడ పనికొచ్చే ప్రశ్న.

పత్రం చివర పేరు, పుట్టిన తేదీ, ‘మీరు వాడే పాస్‌వర్డ్ ఒకటి’ అని మూడు గడులున్నాయి. మోసగాళ్లు అడిగేవీ అవే కదా! మూడూ కొట్టేయించాను. చేతిరాతను బట్టి కూడా ఎవరో తెలియకుండా టిక్కులు మాత్రమే పెట్టించి, కాగితాలు మడిచి డబ్బాలో వేయించమన్నాను. ఒక్క తరగతి జవాబులను శాతాల్లో చెప్పి జిల్లా పిల్లలంతా ఇంతే అనకూడదని కూడా చెప్పాను.

మన సంఘం ఇలాంటి ప్రాజెక్టులకు బ్యానర్లు, జ్ఞాపికలు ఇస్తామంటోంది. నా మాటగా, ముందు ఈ కాగితం మనమూ నింపుదాం. మనం సినిమాలు చూసే ఖాతా పాస్‌వర్డ్ చిత్తూరులో ఎందరు బంధువుల ఫోన్లలో ఉందో, మన ఈమెయిల్‌కూ అదే పెట్టుకున్నామో లేదో అందులో తేలుతుంది.