ఎవరికి స్పెషల్ ఈ అలవెన్సు?

శ్రీసిటీ, రేణిగుంట పరిశ్రమల్లోనూ తిరుపతి నగరంలోని ప్రైవేటు ఆసుపత్రులు, కళాశాలల్లోనూ పనిచేసే పాఠకులు తమ పేస్లిప్పు ఒకసారి తీసి చూసుకోవాలి. చాలామందికి అందులో బేసిక్ కంటే పెద్ద అంకె ‘స్పెషల్ అలవెన్సు’ పక్కన కనిపిస్తుంది. ఏ ప్రత్యేకమైన పనికి ఇస్తున్నారని అడిగితే లెక్కల విభాగం దగ్గర సమాధానం ఉండదు, ఎందుకంటే అది దేనికోసమూ ఇచ్చేది కాదు. మొత్తం జీతం ముందు ఖరారవుతుంది. అందులో కొంత శాతం బేసిక్‌గా, ఆ బేసిక్‌లో కొంత శాతం ఇంటి అద్దె భత్యంగా విడదీస్తారు. లెక్క సరిపోవడానికి మిగిలినదంతా స్పెషల్ అలవెన్సు గడిలో పడేస్తారు. దానికి ఆదాయపు పన్నులో ప్రత్యేక మినహాయింపు కూడా లేదు. కొండ మీద ప్రసాదంలా వరుసలో నిలబడిన ప్రతి ఒక్కరికీ అందేదాన్ని ప్రత్యేకమనడం ఎవరిని మభ్యపెట్టడానికి?

ఒక ఉదాహరణ తీసుకుందాం. పదేళ్ల కిందట 18,000 రూపాయల జీతానికి చేరిన ఉద్యోగికి బేసిక్ 9,000, ఇంటి అద్దె భత్యం 3,600, స్పెషల్ అలవెన్సు 5,400 ఉన్నాయనుకోండి. నేడు అతని జీతం 30,000. బేసిక్ 10,000కు, అద్దె భత్యం 4,000కు చేరగా, స్పెషల్ అలవెన్సు మాత్రం 16,000 అయింది. పదేళ్లలో పెరిగిన 12,000లో బేసిక్‌కు దక్కింది వెయ్యి రూపాయలు. ఏటా ఇంక్రిమెంటు వచ్చిందని సంతోషించిన ఆ ఉద్యోగికి అసలు నష్టం రాజీనామా చేసిన రోజున గానీ తెలియదు. గ్రాట్యుటీ అంటే ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల వేతనం, నెలకు 26 పనిదినాల లెక్కన. బేసిక్ 10,000 మీదే లెక్కగడితే పదేళ్లకు చేతికొచ్చేది సుమారు 57,700 రూపాయలు. స్పెషల్ అలవెన్సునూ వేతనంగా కలిపి 26,000 మీద లెక్కగడితే సరిగ్గా లక్షా యాభై వేలు.

పీఎఫ్‌దీ ఇదే కథ, కాకపోతే దానికొక హద్దు ఉంది. చట్టపరంగా తప్పనిసరి చందా 15,000 రూపాయల వేతనం వరకే. పై ఉద్యోగికి 10,000 మీద 1,200 కోస్తున్నారు. స్పెషల్ అలవెన్సు కలిపితే 1,800 కోయాలి, యజమానీ అంతే జమ చేయాలి. అంటే నెలకు 1,200 రూపాయలు అతని ఖాతాకు చేరడం లేదు. బేసిక్ ఇప్పటికే 15,000 దాటినవారికి ఈ తేడా రాదు కానీ, గ్రాట్యుటీ నష్టం వారికీ తప్పదు.

బేసిక్ పెంచితే చేతికొచ్చే జీతం తగ్గుతుందని, ఉద్యోగులే నగదు కోరుకుంటారని యాజమాన్యాలు అంటాయి; పీఎఫ్ వరకు ఆ మాటలో కొంత నిజముంది. కానీ గ్రాట్యుటీ కోసం ఉద్యోగి జీతంలో పైసా కోత పడదు. అక్కడ కూడా బేసిక్‌నే పట్టుకు వేలాడటానికి ఈ సాకు పనికిరాదు.

చట్టం ఈ విషయంలో మౌనంగా ఏమీ లేదు. అందరికీ ఒకే తీరున, మామూలుగా చెల్లించే అలవెన్సు పీఎఫ్ లెక్కకు బేసిక్ వేతనంలో భాగమేనని 2019 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తేల్చింది. అదనపు ఉత్పత్తికి ప్రోత్సాహకంగానో, ఉద్యోగిని బట్టి మారేదిగానో యజమాని చూపగలిగితేనే దానికి మినహాయింపు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో వేతన నిర్వచనం నుంచి మినహాయించినవాటి జాబితాలో ఇంటి అద్దె భత్యం, ప్రయాణ భత్యం, ఓవర్‌టైమ్, కమీషన్ వంటివి ఉన్నాయి. లెక్క సరిపెట్టే స్పెషల్ అలవెన్సు అనే మాట లేదు. మినహాయింపులన్నీ కలిపి మొత్తంలో సగం దాటితే, దాటినంత వేతనంలో చేరుతుందన్న నిబంధనను కొందరు ‘బేసిక్ సగముంటే చాలు’ అని తిప్పి చదువుతున్నారు. సగం అన్నది మినహాయింపులకు పెట్టిన గరిష్ఠ హద్దు. మినహాయింపే లేని అలవెన్సును ఆ సగంలో దాచుకోవడానికి ఇచ్చిన అనుమతి కాదు.

ఇక ఆ గడికి పేరు మారే ప్రమాదం ఉంది. నిన్నటి స్పెషల్ అలవెన్సు రేపు ప్రయాణ భత్యంగా, ‘పని ఖర్చుల’ భత్యంగా అవతరించవచ్చు. బస్సు ఎక్కనివారికీ, ఖర్చే లేనివారికీ నెలనెలా ఒకే అంకె పడుతుంటే అది పాత సరుకేనని పోల్చుకోవడం కష్టం కాదు. కార్మిక శాఖ, పీఎఫ్ అధికారులు ఫిర్యాదు వచ్చేదాకా కూర్చోకుండా పేస్లిప్పులను తెప్పించి చూడాలి. నియామక పత్రంలో ‘మీ జీతం ముప్పై వేలు’ అని అచ్చు వేయించిన యాజమాన్యమే, ఉద్యోగి వెళ్లిపోయే రోజున ‘మీ జీతం పది వేలు’ అంటోంది. ఈ రెండింటిలో ఏది అబద్ధమో ఆ యాజమాన్యాలే సంతకం చేసి చెప్పాలి.